సహనానికి గడువు
(దినచర్య పుస్తకం నుంచి ఒక పుట)

సఫర్ నెల, శుక్రవారం రాత్రి, ఇషా తర్వాత

ఈ వారం స్త్రీల ఇజ్తిమాలో ఒక ఆపా చిన్న పుస్తకం నుంచి ఒక పాఠం చదివి వినిపించారు. దూరదేశంలో ఉన్న భర్త విషయంలో భార్య వహించవలసిన సహనం గురించిన పాఠమది. హజ్రత్ యాఖూబ్ (అ) తన కుమారుడు యూసుఫ్ (అ) ఎడబాటులో వహించిన ‘సబ్రె జమీల్’, అంటే అందమైన సహనం, అందులో ఆదర్శంగా చూపబడింది. భర్త ఎప్పుడు వస్తాడని అడగరాదనీ, ఇంటి కష్టాలు అతని చెవిన వేయరాదనీ, అడగడమే అసహనానికి మొదటి మెట్టు అనీ ఆ పాఠం ముగిసింది.

మేమిద్దరం తోడికోడళ్ళం. జగిత్యాల జిల్లాలోని ఒక పల్లెలో, ఒకే కప్పు కింద, అత్తమ్మ నీడలో ఉంటున్నాము. అన్నదమ్ములిద్దరూ సౌదీలోనే ఉన్నారు. ఈ పుస్తకంలో వ్రాసేది చిన్నామె, చెప్పేది ఎక్కువగా పెద్దామె. గ్రంథాలు తిరగేసి వెదికింది ఇద్దరమూ. ఆ పాఠం మా ఇద్దరికీ ఒకే విధంగా తగలలేదు. చిన్నామెకు అది ఊరటగా తోచింది. పెద్దామెకు మాత్రం గుండెపై బరువు పెట్టినట్లయింది. కారణం ఉంది. వారు కిందటి వారం ఫోను చేసి, రజబ్ నెలలో ముగియనున్న కాంట్రాక్టును మరో రెండేళ్ళు పొడిగించుకుంటానని చెప్పారు. అడిగినట్లు కాదు, తెలియజేసినట్లు చెప్పారు. పాఠం ప్రకారమైతే పెద్దామె ‘అల్‌హమ్దులిల్లాహ్’ అని ఊరుకోవాలి. ఊరుకోవడమే సబ్ర్ అవుతుందా, మరేదైనా అవుతుందా అని తూచి చూడటానికే ఈ పుట వ్రాసుకుంటున్నాము.

ముందుగా ఆ పాఠంలోని న్యాయాన్ని న్యాయంగా ఒప్పుకోవాలి. రాత్రంతా ట్రక్కు నడిపే మనిషికి ఉదయాన్నే ఫోను చేసి ఇంట్లోని ప్రతి చికాకునూ చెప్పడం మంచిది కాదు. అతడు చేయగలిగింది ఏమీ లేని విషయం అతని నిద్రను మాత్రమే చెడగొడుతుంది. ఆ సంగతి మాకు తెలుసు. అందుకే పాలు విరిగినా, కరెంటు పోయినా మేము వారికి చెప్పము. అంతవరకు ఆ పాఠంతో మాకు పేచీ లేదు.

ఇక యూసుఫ్ సూరా తీసి చూశాము. ‘సబ్రె జమీల్’ అన్న మాట యాఖూబ్ (అ) నోట ఆ సూరాలో రెండుసార్లు వస్తుంది. మొదట 18వ ఆయతులో, యూసుఫ్ (అ) చొక్కాకు దొంగ నెత్తురు పూసి తెచ్చినప్పుడు. రెండవసారి 83వ ఆయతులో, మరో కుమారుడు కూడా ఈజిప్టులో ఉండిపోయాడన్న కబురు అందినప్పుడు. పాఠం అంతటితో ఆగింది. సూరా ఆగలేదు. 84వ ఆయతులో ఆయన కన్నులు దుఃఖంతో తెల్లబడిపోయాయని ఉంది. కుమారులు దెప్పిపొడిస్తే, తన బాధను, వ్యథను అల్లాహ్‌కే మొర పెట్టుకుంటున్నానని 86వ ఆయతులో ఆయన చెప్పారు. అంటే అందమైన సహనం కన్నీటిని నిషేధించలేదు. ఆ కన్నీరు ఎవరి ముందు కార్చాలో మాత్రం నేర్పింది.

మమ్మల్ని ఆపినది దాని తర్వాతి ఆయతు. 87వ ఆయతులో అదే యాఖూబ్ (అ) తన కుమారులను పిలిచి, వెళ్ళి యూసుఫ్‌ను, అతని తమ్ముణ్ణి వెదకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అని ఆదేశించారు. సహనం వహిస్తున్న మనిషే వెదకమంటున్నారు. ఆయన సహనంలో ఎదురుచూపుతో పాటు ప్రయత్నం కూడా ఉంది. ఎప్పుడు వస్తాడని అడగడం అసహనమే అయితే, వెళ్ళి వెదకమనడం అంతకంటే పెద్ద అసహనం కావలసి వస్తుంది. కాని ఆ మాట అన్నది అల్లాహ్ ప్రవక్త.

పెద్దామె మరొక ఉదాహరణ గుర్తుచేసింది. హజ్రత్ ఇబ్రాహీమ్ (అ) తన సతీమణి హాజిరాను, పసిబిడ్డ ఇస్మాయీల్‌ను నీరు, చెట్టు లేని లోయలో విడిచి వెళ్తున్నప్పుడు ఆమె మౌనంగా నిలబడలేదని బుఖారీ గ్రంథంలో ఉంది. వెంట నడిచి, మమ్మల్ని ఎవరికి అప్పగించి పోతున్నారని పదేపదే అడిగారు. ఇది అల్లాహ్ ఆజ్ఞేనా అని కూడా అడిగారు. అవునన్న జవాబు విన్న తర్వాతే, అయితే ఆయన మమ్మల్ని వదిలివేయడని వెనుదిరిగారు. ఆమె సహనం ఆ ప్రశ్న తర్వాత మొదలైంది. నీళ్ళు అయిపోయాక సఫా, మర్వా కొండల నడుమ ఏడుసార్లు తిరిగారు. ఆమె కూర్చుని ఉండిపోలేదు. ఆ నడకనే హజ్జుకు వెళ్ళిన ప్రతి ఒక్కరూ నేటికీ సయీగా నడుస్తున్నారు.

ఎడబాటుకు గడువు ఉంటుందా అన్న ప్రశ్న కూడా కొత్తది కాదు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర) ఒక రాత్రి మదీనా వీధుల్లో తిరుగుతుండగా, భర్త యుద్ధానికి వెళ్ళిన ఒక స్త్రీ తన ఒంటరితనాన్ని పాటగా పాడుకోవడం ఆయన చెవిన పడింది. అల్లాహ్ భయమే తనను నిలబెడుతోందని ఆమె అందులో చెప్పుకుంది. ఉమర్ (ర) తన కుమార్తె, విశ్వాసుల మాత అయిన హజ్రత్ హఫ్సా (ర) వద్దకు వెళ్ళి, భర్త లేకుండా స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదని అడిగారు. నాలుగు నెలలని కొన్ని ఉల్లేఖనాల్లో, ఆరు నెలలని మరికొన్నింట్లో ఉంది. ఆ తర్వాత సైనికులను అంతకు మించి ఇంటికి దూరంగా ఉంచరాదని ఆయన నియమం పెట్టారు. వెళ్ళడానికి ఒక నెల, అక్కడ ఉండటానికి నాలుగు నెలలు, తిరిగి రావడానికి ఒక నెల అని ఆ ఆరు నెలలను లెక్కించినవారు కూడా ఉన్నారు.

ఈ ఉదంతంలో మాకు ముఖ్యంగా కనిపించింది ఒకటుంది. ఆ స్త్రీకి సహనం, దైవభీతి రెండూ ఉన్నాయి. ఉమర్ (ర) ఆమె తలుపు తట్టి, ఇంకా సహనం వహించమని బోధించలేదు. మార్చవలసింది ఆమెను కాదనీ, తన ఏర్పాటును అనీ గ్రహించి దానిని మార్చారు. భార్య ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే భర్త అంతకంటే ఎక్కువ కాలం దూరంగా ఉండవచ్చునని ఉలమాలు చెబుతారు. మన పల్లెల నుంచి వెళ్ళినవారందరూ ఆ ఒప్పుదల మీదనే అక్కడ ఉన్నారు. అయితే ఒప్పుదల ఉండాలంటే ముందు అడగడం ఉండాలి. తొమ్మిదేళ్ళ క్రితం ఇచ్చిన ఒప్పుదల ఈ రజబ్ నెలకు కూడా వర్తిస్తుందా?

ఈ విషయంలో మాకు దారి చూపింది బఖరా సూరాలోని 233వ ఆయతు. తల్లి పాలు మాన్పించే విషయంలో కూడా భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో, సంప్రదింపులతో నిర్ణయించుకోవాలని అందులో ఉంది. పసిబిడ్డ పాలకే మష్వరా కావలసినప్పుడు, ఇంటి రెండేళ్ళకు అవసరం లేదంటామా? కష్టాన్ని ఏకరువు పెట్టడం ఫిర్యాదు. నిర్ణయంలో మాట కలపడం మష్వరా. ఆ పాఠం ఈ రెంటినీ ఒకే గాటన కట్టివేసిందని మాకు అనిపించింది.

ప్రయాణం గురించి దైవప్రవక్త (స) చెప్పిన మాట బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ప్రయాణం ఒక విధమైన శిక్ష అనీ, అది మనిషికి తిండిని, నీటిని, నిద్రను దూరం చేస్తుందనీ, కాబట్టి వెళ్ళిన పని పూర్తికాగానే త్వరగా ఇంటివారి వద్దకు చేరుకోవాలనీ దాని సారాంశం. ఇందులోనే కొలబద్ద ఉంది. గడువు నెలల్లో తేలకపోతే పనిలో తేలాలి. అందుకే మేము మా ఇద్దరి ‘వెళ్ళిన పని’ ఏమిటో లెక్క వేసి చూశాము.

చిన్నామె లెక్క సులువుగా తేలింది. ఆయన వెళ్ళి పది నెలలైంది. వీసాకు, టికెట్టుకు బంధువుల దగ్గర తీసుకున్న చేబదులు 1,80,000 రూపాయలు. రియాద్‌లోని ఒక హోటలులో జీతం 1,500 రియాళ్ళు. అందులో 1,000 రియాళ్ళు, అంటే సుమారు 22,000 రూపాయలు ఇంటికి వస్తున్నాయి. నెలకు 10,000 చొప్పున ఏడు నెలలుగా అప్పు తీరుస్తున్నాము. ఇంకా 1,10,000 ఉంది. పదకొండు నెలల్లో, అంటే వచ్చే ముహర్రం నాటికి, అల్లాహ్ తలిస్తే తీరిపోతుంది. ఆ తర్వాత మూడు నెలలకు కాంట్రాక్టు ముగుస్తుంది. వెళ్ళే ముందు రాత్రి ఇద్దరూ కూర్చుని ఒప్పుకున్నదీ అదే. ఇక్కడ పనికి హద్దు ఉంది, ఒప్పుదల ఉంది, తేదీ ఉంది. ఆమెకు ఆ పాఠం ఊరట కలిగించడంలో వింత లేదు. ఎదురుచూడవలసింది ఎన్నాళ్ళో తెలిసినప్పుడు సహనం చెప్పే మాట చల్లగా ఉంటుంది.

పెద్దామె లెక్క వేరు. వారు దమ్మాంలో కంపెనీ వీసా మీద డ్రైవరు. తొమ్మిదేళ్ళయింది. మొదటి పని 1,20,000 రూపాయల అప్పు. అది రెండవ ఏడు తీరింది. తర్వాత ఇల్లు. ఐదవ ఏడు చివరికి స్లాబు పడింది. తర్వాత ఆడబిడ్డ నికాహ్. అది ఏడవ ఏడు జరిగింది. ఇవన్నీ చేయవలసిన పనులే, వారు చేసినందుకు అల్లాహ్ ప్రతిఫలం ప్రసాదించుగాక. ఇప్పుడు చెబుతున్న పని మేడ మీద రెండు పోర్షన్లు కట్టి అద్దెకు ఇవ్వడం.

తొమ్మిదేళ్ళు అంటే 108 నెలలు. నాలుగుసార్లు ఛుట్టీ మీద వచ్చారు, వచ్చినప్పుడల్లా రెండు నెలలు ఉన్నారు. మొత్తం ఎనిమిది నెలలు. వారు వెళ్ళిన ఐదవ నెలలో పుట్టిన పిల్లవాడికి ఇప్పుడు ఎనిమిదేళ్ళు దాటాయి. తండ్రితో గడిపినది ఆ ఎనిమిది నెలలే. మొదట్లో అబ్బా ఎప్పుడొస్తారని ప్రతి జుమా నాడు అడిగేవాడు. ఇప్పుడు అడగడం లేదు. ఆ పాఠం ప్రకారం చూస్తే వాడికి సహనం అబ్బినట్లే. నిజానికి వాడు ఎదురుచూడటం మానివేశాడు. సహనానికీ, ఆశ వదులుకోవడానికీ తేడా బయటికి కనిపించదు, రెండూ మౌనంగానే ఉంటాయి. యాఖూబ్ (అ) నిరాశ చెందవద్దని హెచ్చరించింది ఇందుకే కాబోలు.

మరొక గుర్తు కూడా మా ఇంట్లోనే కనబడింది. ఒకప్పుడు అరగంట సాగిన ఫోను ఇప్పుడు డబ్బు అందిందా, ఎవరికెంత ఇచ్చారు అన్న మాటలతో ముగుస్తోంది. కిందటి వానాకాలం పెద్దామెకు జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే వీధిలో అందరికీ తెలిసింది, వారికి తెలియలేదు. బాధపడతారని చెప్పలేదు. అయితే తెలియనివాడు దేనిని తూచి నిర్ణయం తీసుకుంటాడు? ఇంట్లో అంతా కుశలమేనని విన్న మనిషి రెండేళ్ళు పొడిగించుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మేడ లెక్క కూడా వేశాము. రెండు పోర్షన్లకు మేస్త్రీ చెప్పిన అంచనా 6,00,000 రూపాయలు. చేతిలో 2,00,000 ఉంది. వారు పంపే 1,500 రియాళ్ళు సుమారు 33,000 రూపాయలు. ఇంటి ఖర్చు 18,000 పోగా నెలకు 15,000 మిగులుతుంది. మిగిలిన 4,00,000 కూడటానికి దాదాపు 27 నెలలు కావాలి. అంటే రజబ్ వరకు ఉన్న ఐదు నెలలు కలుపుకున్నా, రెండేళ్ళ పొడిగింపు దాదాపు మొత్తం దీనికే పోతుంది. అంతా అయ్యాక వచ్చే అద్దె, మా ఊరి రేటులో, నెలకు 7,000. ఈలోగా ఇనుము, సిమెంటు ధరలు నిలకడగా ఉంటాయన్న హామీ లేదు. ఈ లెక్క ఇంతవరకు ఎవరూ కాగితం మీద వేయలేదు.

కుటుంబాన్నే అక్కడికి పిలిపించుకోవచ్చు కదా అని అత్తమ్మ అడిగారు. 2020 జులై నుంచి సౌదీలో వెంట ఉండే కుటుంబ సభ్యులు ఒక్కొక్కరికి నెలకు 400 రియాళ్ళ రుసుము ఉంది. పెద్దామెకు, ఇద్దరు పిల్లలకు కలిపి 1,200 రియాళ్ళు. వారి జీతం 2,200. మిగిలిన 1,000 రియాళ్ళలో ఇంటి అద్దె, తిండి, బడి ఫీజు గడవవు. పైగా కుటుంబ వీసా చేసే పనిని బట్టి ఉంటుంది. ఆ దారి మూసుకుపోయినట్లే.

ఛుట్టీ మాట కూడా ఆలోచించాము. కఫీల్ ఒప్పుకోవడం లేదన్న మాట వెనుక వినేవాళ్ళం, అది నిజం కూడా. 2021 మార్చి నుంచి అమలైన మార్పుల తర్వాత కంపెనీ కార్మికులు ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసాకు తామే అబ్షర్ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. ఇళ్ళలో పనిచేసేవారికి, ఇంటి డ్రైవర్లకు ఆ సౌకర్యం వర్తించలేదు. వీసా చేతికి వచ్చినంత మాత్రాన సెలవు దొరికినట్లు కాదు. అయినా మునుపటిలా తలుపు పూర్తిగా ఇతరుల చేతిలో లేదు. కాబట్టి ఎదురుచూపులో ఎంత భాగం తప్పనిసరిదో, ఎంత భాగం మనం ఎంచుకున్నదో విడదీసి చూడాలి. తప్పనిసరి అయిన దానిపై సబ్ర్ వహించాలి. ఎంచుకున్న దానిపై మష్వరా చేయాలి.

మాకంటే కష్టమైన స్థితిలో ఉన్న సోదరీమణులున్నారు. భర్త జాడ తెలియనివారు, పైసా రానివారు. వారికి కూడా ఈ పాఠాన్నే వినిపించడం అన్యాయం. భర్త ఆచూకీ నాలుగేళ్ళు తెలియకపోయినా, రెండేళ్ళు పోషణ ఇవ్వకపోయినా, సరైన కారణం లేకుండా మూడేళ్ళు దాంపత్య బాధ్యతలు నెరవేర్చకపోయినా న్యాయస్థానం ద్వారా నికాహ్ రద్దు కోరే హక్కును 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ఇస్తోంది. మా ఇంటికి ఆ అవసరం లేదు, అల్లాహ్ కలిగించకుండుగాక. వారు బాధ్యత ఎరిగిన మనిషి. కాని సహనానికి హద్దు ఉందన్న సంగతి తెలియక కుమిలిపోతున్నవారు ఉండకూడదు కనుక ఇక్కడ వ్రాసుకున్నాము.

ఈ రోజు అస్ర్ తర్వాత పెద్దామె ఫోను చేసింది. అక్కడ అప్పుడు జుమా ముగించుకుని భోజనం చేసి కూర్చున్నారు, మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఎందుకు రావడం లేదని ఆమె అడగలేదు. వెళ్ళిన పని ఏ తేదీకి పూర్తవుతుందని అడిగింది. జ్వరం సంగతి చెప్పింది. మేడ లెక్క చదివి వినిపించింది. చాలాసేపు అటునుంచి మాట రాలేదు. తర్వాత వారు అన్నది మేము ఊహించనిది. “తిరిగొచ్చి ఏం చేయాలో తెలియక పొడిగిస్తున్నాను. అక్కడ డ్రైవరుకు ఎంతిస్తారు? పద్దెనిమిది వేలు. చేతులు ముడుచుకుని అమ్మీ ముందు ఎలా కూర్చోను?” అన్నారు.

తొమ్మిదేళ్ళుగా ఆ భయాన్ని వారు ఒంటరిగా మోస్తున్నారు. ఇక్కడ ఈమె అడగకపోవడం, అక్కడ వారు చెప్పకపోవడం, రెండూ సహనం పేరుతోనే జరిగాయి. పద్దెనిమిది వేలతో ఇంటి ఖర్చు సరిగ్గా గడుస్తుంది, రూపాయి మిగలదు. ఆ మాట కూడా ఆమె దాచలేదు. చేతిలోని రెండు లక్షలను మేడకు పెట్టకుండా సెకండ్ హ్యాండు ట్రాలీ ఆటోకు పెడితే ఎలా ఉంటుందో ఇద్దరూ ఆలోచిస్తామన్నారు. అది లాభమో నష్టమో మాకు ఇంకా తెలియదు. ఇస్తిఖారా నమాజు చేసి వచ్చే జుమాకు చెబుతానన్నారు. ఒకవేళ పొడిగించుకోవలసి వచ్చినా ఒక్క ఏడాదికే అనీ, ఆ ఏడాది దేనికో ముందే కలిసి వ్రాసుకోవాలనీ ఒప్పుకున్నారు. “అబ్బాయికి ఫోనివ్వు” అని అడిగి, డబ్బు మాట ఎత్తకుండా వాడితో ఇరవై నిమిషాలు మాట్లాడారు.

ఆపా మనసు నొప్పించే ఉద్దేశం మాకు లేదు. వచ్చే ఇజ్తిమాలో సూరా యూసుఫ్‌ను 87వ ఆయతు వరకు చదవమని వారిని కోరుదామనుకున్నాము. అల్లాహ్ సహనశీలురకు తోడుగా ఉంటాడన్న వాగ్దానంపై మాకు పూర్తి విశ్వాసం ఉంది. రజబ్ ఇంకా ఐదు నెలలుంది. ఈ పుట కింద రెండు వరుసలు ఖాళీగా వదిలాము. ఒకదానిలో చిన్నామె ‘ముహర్రం’ అని వ్రాసింది. రెండవది వచ్చే జుమా నాడు పూరించాలి.